మూడు టెక్స్ట్ స్లైడ్లకు ఒక కోట్: ఆ లెక్క ఎందుకు నిలబడదు

ప్రశ్న: మాది కావలి. జిల్లా చరిత్ర మీద ఇన్‌స్టాలో 15 నుంచి 18 స్లైడ్ల క్యారసెల్స్ చేస్తున్నాను. చదివేవాళ్లు అలిసిపోకూడదని మూడు టెక్స్ట్ స్లైడ్లకు ఒక కోట్ గానీ ఫోటో గానీ పెడుతున్నాను. అయినా సగంలోనే వదిలేస్తున్నారు. అసలు ఎన్నింటికి ఒకటి పెట్టాలి? కోట్ మంచిదా, ఫోటోనా?

జవాబు:

సూటిగా చెప్తానండి. నిండు టెక్స్ట్ స్లైడ్లు వరసగా రెండుకు మించకూడదు. ఆ రెండు కూడా మొదటి సగంలోనే. రెండో సగంలో ఒక నిండు స్లైడ్ అవగానే తేలిక స్లైడ్ రావాలి. అయితే ఆ తేలిక స్లైడ్ ఎక్కడ పడాలన్నది వేళ్ల మీద లెక్కపెట్టి తేల్చేది కాదు. చదివే మనిషికి బరువెక్కడ పడిందో చూసి, దాని వెనకే పెట్టాలి. కోటా ఫోటోనా అంటే, చరిత్ర పేజీకి పదిలో ఏడెనిమిది సార్లు ఫోటో లేదా మ్యాపే మేలు. కోట్ వాడితే అది తర్వాతి స్లైడ్‌కి తలుపు తీసేలా ఉండాలి. మీ దగ్గర జనం ఆగిపోవడానికి టెక్స్ట్ కంటే ఆ కోట్లే కారణమై ఉంటాయని నా అనుమానం. నాకూ అదే జరిగింది.

నేను ఒంగోలులో ఉంటాను. ఆరేళ్లుగా ఇదే పని, ఎక్కువగా తెలుగు పేజీలకు. మొదట్లో నేనూ మీలాగే మూడుకి ఒకటి పెట్టేవాణ్ణి. ఆ పద్ధతి ఎక్కడ విరిగిందో ఒక క్యారసెల్ పట్టుకుని చెప్తే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఒంగోలు పశువు బ్రెజిల్‌లో "నెలోర్" ఎలా అయిందన్న కథ మీద 18 స్లైడ్లు చేశాను. మొదటిది కవర్, ఆ తర్వాత మూడు టెక్స్ట్, అయిదోది కోట్, మళ్లీ మూడు టెక్స్ట్, తొమ్మిదోది ఫోటో, అలా చివరిదాకా. అయిదో స్లైడ్ కోట్ "పశువే రైతుకు ఆస్తి" అని. తొమ్మిదోది పొలంలో సూర్యాస్తమయం, నెట్‌లో దొరికిన ఫోటో. చూడ్డానికి చక్కగానే ఉంది. పెట్టే ముందు మా పిన్నికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చున్నాను.

రెండో స్లైడ్ దగ్గర ఆవిడ ఫోన్ కాస్త దగ్గరికి తెచ్చుకుంది. మూడు, నాలుగు పెదాలు కదుపుతూ చదివింది. అయిదోది రాగానే ఒక్క క్షణం చూసి, "బావుంది నాన్నా" అని ఫోన్ నా చేతికిచ్చేసింది. ఇంకా పదమూడు ఉన్నాయి పిన్నీ అంటే, "ఇంకా ఉందా? అయిపోయిందనుకున్నా" అంది. అలిసిపోయి ఇవ్వలేదు, అయిపోయిందనుకుని ఇచ్చింది. పెద్ద అక్షరాల్లో, చుట్టూ ఖాళీతో, మధ్యలో ఒక నిండు వాక్యం కనిపిస్తే మన జనానికి అది ముగింపులా అనిపిస్తుంది. పత్రికల్లో వ్యాసం కిందా, ఉపన్యాసం చివరా అలాంటి మాటలు చూసి చూసి అలవాటైన కళ్లు కదా. మీరు విశ్రాంతి కోసం పెట్టిన స్లైడ్ వాళ్లకు "ఇక వెళ్లొచ్చు" అని చెప్తోంది.

పిన్ని ఒక్కరి మాట మీద తేల్చకూడదని అవే స్లైడ్లను వరసగా స్టోరీల్లో పెట్టాను. మీరూ ఇది చేయండి, పైసా ఖర్చు లేదు. స్టోరీల్లో ఒక్కో ఫ్రేమ్ దగ్గర ఎంతమంది ముందుకు వెళ్లారు, ఎంతమంది వెనక్కి వచ్చారు, ఎంతమంది బయటికి పోయారు అన్నది విడివిడిగా కనిపిస్తుంది. బయటికి పోయినవాళ్లు ఎక్కువగా రెండు చోట్లే తేలారు, అయిదు దగ్గరా, తొమ్మిది దగ్గరా. రెండూ నేను "ఊపిరి పీల్చుకుంటారు" అని పెట్టినవే.

ఇక్కడ ఒక జాగ్రత్త. స్టోరీలో ఫోటో కొన్ని సెకన్లకు దానంతట అదే జరిగిపోతుంది. కాబట్టి నిండు స్లైడ్‌ని వేలితో నొక్కి పట్టుకోనివాళ్లు సగం చదివేలోపే తర్వాతిదానికి వెళ్లిపోతారు. అలాంటప్పుడు వాళ్లు ఒక అడుగు వెనక్కి వస్తారు. ఒక నిండు స్లైడ్ తర్వాతి ఫ్రేమ్ మీద వెనక్కి వెళ్లినవాళ్ల సంఖ్య ఎక్కువ కనిపిస్తే దాని అర్థం "చదవాలని ఉంది, సమయం చాలలేదు" అని. అది మంచి గుర్తే. ఆ స్లైడ్‌ని తీసేయకండి, రెండుగా విడగొట్టండి. బయటికి పోయినవాళ్ల సంఖ్య ఎక్కువుంటే మాత్రం ఆ స్లైడ్ అక్కడ ఉండాల్సింది కాదు.

ముందు నిండు స్లైడ్ అంటే ఎంతో తేల్చుకోవాలి. ఇది తేలకుండా ఎన్నింటికి ఒకటి అన్న ప్రశ్నకు జవాబు లేదు. నేను 1080 × 1350 సైజులో చేస్తాను. అటూ ఇటూ 96 పిక్సెళ్ల అంచు, మండలి ఫాంట్ 46 సైజు, లైన్ల మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల పైనే. అలా పెడితే లైనుకి నాలుగైదు తెలుగు మాటలు పడతాయి. తొమ్మిది లైన్లు, అంటే సుమారు 40 మాటలు నాకు నిండు స్లైడ్. 15 నుంచి 25 మాటలుంటే మధ్యరకం. పది లోపు మాటలు, లేదా ఒక లైనున్న ఫోటో అయితే తేలిక.

ఇంగ్లీషు పేజీలు చూసి స్లైడ్‌కి 60, 70 మాటలు పెట్టేవాళ్లున్నారు. మనకది కుదరదు. వాళ్లు రెండు మూడు మాటల్లో చెప్పేది మనకు ఒకే పొడుగు మాటలో వస్తుంది, "వెళ్లిపోవాల్సివచ్చిందని" లాగా. పైగా మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద వత్తులు ఉంటాయి. లైన్లు దగ్గరగా ఉంటే పై లైను వత్తు కింద లైను గుడికి తగులుతుంది. చోటు చాలక ఫాంట్ 46 నుంచి 36కి దించితే అన్నీ పడతాయి, కానీ ఆ స్లైడ్ చదివేసరికి కళ్లు లాగుతాయి. మీ స్లైడ్లలో ఫాంట్ ఒకచోట పెద్దగా, ఒకచోట చిన్నగా ఉందంటే, చిన్నగా ఉన్నచోట మీరు ఇరికించారని అర్థం. అలాంటి స్లైడ్ ఒకటే రెండు నిండు స్లైడ్ల కింద లెక్క. దాని తర్వాత ఎన్ని ఫోటోలు పెట్టినా అలసట తీరదు.

ఇంకో పరీక్ష గొంతుతో చదవడం. ఒక్కో స్లైడ్ పైకి చదివి గడియారం చూడండి. ఇరవై సెకన్లు దాటితే విడగొట్టాలి. నేను ఇప్పటికీ ప్రతి క్యారసెల్‌కీ ఇలాగే చేస్తాను.

ఇక బరువు సంగతి. అన్ని నిండు స్లైడ్లూ ఒకే బరువు కావు. మాటలు అన్నే ఉన్నా, కథ చెప్పే స్లైడ్ తేలిగ్గా జారిపోతుంది. సంవత్సరాలు, ఊళ్ల పేర్లు, "ముందు ఇది, తర్వాత అది" అని బుర్రలో పేర్చుకోవాల్సినవి ఉంటే మాత్రం అక్కడ మనిషి ఆగి ఆలోచించాలి. నా పశువుల కథలో అలాంటి స్లైడ్ ఒక్కటే ఉంది. ఒంగోలు పశువుకి నెల్లూరు పేరెందుకొచ్చింది? బ్రిటిష్ కాలంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు దాన్లోకి వెళ్లింది. 1970లో ఒంగోలు పేరుతోనే జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. పశువులు సముద్రం దాటడం మొదలైన నాటికి ఆ తాలూకా నెల్లూరు కిందే ఉంది కాబట్టి అక్కడ నెలోర్ పేరు స్థిరపడింది.

నాలుగు వాక్యాలే, కానీ నాలుగు జిల్లా పేర్లు, మూడు సంవత్సరాలు. మొదటిసారి చేసినప్పుడు దీని తర్వాత ఇంకో టెక్స్ట్ స్లైడ్ పెట్టాను, ఎందుకంటే మూడు లెక్క ఇంకా పూర్తికాలేదు! కోట్ వచ్చేసరికి ఆలస్యమైపోయింది. రెండోసారి ఆ స్లైడ్ వెనకే మూడు చిన్న మ్యాపులు పెట్టాను. ఒకదాంట్లో ఒంగోలు నెల్లూరు రంగులో, రెండోదాంట్లో గుంటూరు రంగులో, మూడోదాంట్లో సొంత రంగులో. కింద సంవత్సరాలు, అంతే. చదివినప్పుడు తికమకపడినవాళ్లు మ్యాపు చూసి సర్దుకుంటారు. చదవకుండా దాటేసినవాళ్లకు కూడా విషయం మ్యాపు చెప్పేస్తుంది.

నేను తేలిక స్లైడ్‌ని అడిగే ప్రశ్న ఇదే: నువ్వు పక్క స్లైడ్ నుంచి ఎన్ని మాటలు మోసుకెళ్తావు? ఒక్క మాట కూడా తగ్గించకపోతే అది అలంకారం. అలంకారం చూసిన వేలికి ఏ పనీ ఉండదు, జరిపేస్తుంది. ఆ ఊపులోనే యాప్‌లో ఇంకో పోస్టుకి వెళ్లిపోతుంది. సూర్యాస్తమయం ఫోటో నాకు చేసిన నష్టం అదే.

ఇంకో ఉదాహరణ చూడండి. మొదటిసారి ఒక స్లైడ్ నిండా ఒంగోలు పశువు లక్షణాలు రాశాను, తెల్ల రంగు, పెద్ద మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు అంటూ. రెండోసారి ఆ స్లైడ్ తీసేసి, పక్కనుంచి తీసిన గిత్త ఫోటో పెట్టి, మూపురానికీ గంగడోలుకీ గీత గీసి పేర్లు రాశాను. 40 మాటలు పోయి నాలుగు మిగిలాయి. ఇలా రెండు చోట్ల జరిగి, అలంకారపు స్లైడ్లు అక్కర్లేకపోయేసరికి 18 స్లైడ్లు 16 అయ్యాయి. చదివేవాళ్లకు ఇచ్చే విశ్రాంతిలో మొదటి భాగం స్లైడ్లు తగ్గించడమే. ఇన్‌స్టా 2024లో స్లైడ్ల పరిమితిని పది నుంచి ఇరవై చేసింది కదా అని ఇరవై నింపక్కర్లేదు.

కోట్ వాడొద్దని నేను అనడం లేదు. రెండోసారి చేసినదాంట్లో ఎనిమిదో స్లైడ్ కోటే, కానీ అది వేరే రకం. దానికి ముందు ఏడో స్లైడ్ నిండుగా ఉంది. 1868లో ఒంగోలు పశువుల జంట ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగడం ఆరో స్లైడ్‌లో అయిపోయింది. 1878లో జర్మనీలోని హాంబర్గ్ జూ నుంచి బ్రెజిల్ పశుపోషకుడు ఇంకో జంట కొనుక్కోవడం, వాటి సంతతి పెరగడం ఏడోదాంట్లో ఉంది. ఇక్కడ నేను ఎనభై ఏళ్లు దాటి 1960ల్లోకి దూకాలి. టెక్స్ట్‌తో దూకితే "ఆ తర్వాత కొన్నేళ్లకు" అని రాయాలి, అది చప్పగా ఉంటుంది. ఒంగోలు పక్కన కరవది ఊళ్లో ఒక పెద్దాయన నాతో అన్న మాట గుర్తొచ్చింది:

"అంత దూరంలో ఎద్దుని మా ఊరి పేరు పెట్టి పిలుచుకుంటన్నారంట అబ్బాయ్."

ఎనిమిదో స్లైడ్‌లో ఆ మాట ఒక్కటే పెట్టాను. కింద పేరు లేదు, "కరవది రైతు" అని మాత్రమే. ఆ మాట చదివినవాళ్లకు "ఏ ఎద్దు? ఎవరు పిలుచుకుంటున్నారు?" అని వెంటనే అనిపిస్తుంది. జవాబు తొమ్మిదో స్లైడ్‌లో ఉంది. 1960ల మొదట్లో మన ప్రాంతం నుంచి బ్రెజిల్‌కి వెళ్లిన ఎద్దుల్లో ఒకదానికి అక్కడ కార్వాడి అని పేరు, అక్కడి నెలోర్ మందల్లో దాని సంతతి బాగా వ్యాపించింది. తొమ్మిదోది నిండు స్లైడే. కానీ ప్రశ్న పట్టుకుని వచ్చిన మనిషి దాన్ని ఇష్టంగా చదువుతాడు. "పశువే రైతుకు ఆస్తి" అన్నది అందరూ ఒప్పుకునే మాట. ఒప్పుకున్నాక ఇంకేం మిగలదు, తల ఊపి వెళ్లిపోవడమే. మీ పాత క్యారసెల్స్‌లో కోట్లు తీసి చూడండి. కోట్ చదివాక ఏ ప్రశ్నా పుట్టకపోతే అది చివరి స్లైడ్‌కి పనికొస్తుంది, మధ్యలో వద్దు.

ఒకవేళ నిండు అర్థమున్న మాటే మధ్యలో పెట్టాల్సి వస్తే, కనీసం కింద కుడి మూలలో తర్వాతి స్లైడ్ ఫోటో అంచు కొంచెం కనిపించేలా చేయండి. గిత్త కొమ్ము కొన ఈ స్లైడ్‌లో, మిగతాది తర్వాతి స్లైడ్‌లో. బాణం గుర్తు కంటే ఇది బాగా పనిచేస్తుంది.

రెండో సగం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడ తప్పుతారు. మొదటి సగంలో చదివేవాళ్ల దగ్గర కుతూహలం ఉంటుంది, రెండు నిండు స్లైడ్లు వరసగా వచ్చినా ఓర్చుకుంటారు. పదో స్లైడ్ దాటాక ఆ ఓపిక ఉండదు. కానీ మనం రాసేటప్పుడు ఏం చేస్తామంటే, ఎక్కడా పట్టని విషయాలన్నీ చివర్లో కుక్కుతాం. నా మొదటి వెర్షన్‌లో 14 నుంచి 16 దాకా వరసగా నిండు స్లైడ్లు, అదీ అంకెలతో! మార్చినదాంట్లో పన్నెండోది ఒక్కటే నిండుగా ఉంది, ట్రాక్టర్లు వచ్చాక ఇక్కడ ఎద్దుల అవసరం ఎలా తగ్గిందో చెప్పేది. వెంటనే పదమూడో స్లైడ్‌లో "1,101 కిలోలు" అన్న అంకె ఒక్కటే, స్లైడంత. అంతకు మించి ఒక్క మాట లేదు. పద్నాలుగులో ఆ బరువు ఎవరిదో ఉంది. బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవుది. 2023 వేలంలో దాని మూడో వంతు వాటా పలికిన ధరను బట్టి మొత్తం ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇది మధ్యరకం స్లైడ్, 20 మాటలు.

అంకె స్లైడ్ గురించి మీరు అడగలేదు గానీ, చరిత్ర పేజీకి కోట్ కంటే ఇది చాలాసార్లు నయం. చదవడానికి ఒక్క క్షణం, కానీ "దేని అంకె ఇది?" అని వేలు ముందుకే వెళ్తుంది. ఒక క్యారసెల్‌లో ఒకటే వాడండి. రెండోసారికి ఆ ఆశ్చర్యం ఉండదు.

రంగుల విషయంలో ఒక చిన్న మాట. టెక్స్ట్ స్లైడ్లు తెల్లగా, కోట్ స్లైడ్లు నల్లగా పెట్టే అలవాటు చాలామందికి ఉంది. రాత్రి పడుకుని చూసేవాళ్లకు నలుపు నుంచి తెలుపుకి మారిన ప్రతిసారీ కళ్లలో కొట్టినట్టుంటుంది. తేలిక స్లైడ్ తేలిగ్గా కనపడాలంటే ఖాళీ చోటు చాలు, నేపథ్యం మార్చక్కర్లేదు.

రెండో స్లైడ్‌ని మాత్రం ఎప్పుడూ నిండుగా పెట్టకండి. కవర్ చూసి జరపకుండా వెళ్లిపోయినవాళ్లకు ఇన్‌స్టా కొన్నిసార్లు అదే పోస్టుని రెండో స్లైడ్‌తో మళ్లీ చూపిస్తుంది. అంటే అది మీ రెండో కవర్. నేను లక్షణాల ఫోటోని రెండో స్లైడ్‌గా పెట్టడానికి అదీ ఒక కారణం. గిత్తని చూసి ఆగేవాళ్లు మన జిల్లాల్లో ఎప్పుడూ ఉంటారు.

ఇదంతా కథలా సాగే క్యారసెల్స్‌కి. ఏదైనా దరఖాస్తు ఎలా పెట్టాలి, ఏ కాగితాలు కావాలి లాంటివి చేస్తే మధ్యలో విశ్రాంతి స్లైడ్లు పెట్టకండి. అవి చదివేవాళ్లు సేవ్ చేసుకుని, పని చేస్తూ ఒక్కో స్లైడ్ మళ్లీ తెరుస్తారు. నాలుగో మెట్టుకీ అయిదో మెట్టుకీ మధ్య ఫోటో వస్తే వాళ్లకు విసుగే. అక్కడ అన్ని స్లైడ్లూ మధ్యరకంగా, ఒకే అచ్చులో ఉంటే చాలు.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఇప్పటికే పెట్టిన ఒక క్యారసెల్ తీసుకుని, కాగితం మీద స్లైడ్ నంబర్లు వేసి, ఒక్కోదాని పక్కన "ని", "మ", "తే" అని రాయండి. ఫోటో చూసి కాదు, మాటలు లెక్కపెట్టి. తర్వాత సంవత్సరాలు, పేర్లు ఎక్కువున్న నిండు స్లైడ్లకు చుక్క పెట్టండి. చుక్క పక్కన "తే" లేకపోతే అది మొదట సరిచేయాల్సిన చోటు. "తే" ఉండి, అది పక్క స్లైడ్ మాటల్ని ఏమీ తగ్గించకపోతే దాన్ని కొట్టేయండి. నా పశువుల క్యారసెల్‌కి ఈ పని ఒక గంటలోపే అయింది, మ్యాపులు గీయడానికి మాత్రం ఒక పూట పట్టింది. మార్చిన స్లైడ్లను మళ్లీ స్టోరీల్లో పెట్టి, పాతవాటితో పోల్చుకోండి. కావాలంటే ఆ "ని, మ, తే" వరస ఇక్కడే రాయండి, ఎక్కడ విరుగుతోందో చూసి చెప్తాను.